చిన్న గదికి సీలింగ్ ఫ్యాన్: ముందు రెక్కల వ్యాసం, తరువాత మోటారు, చివరికి బ్రాండ్

ప్రశ్న: మా పడకగది పొడవు 10 అడుగులు, వెడల్పు 9 అడుగులు, ఎత్తు 9 అడుగులు. పొడుగు గోడ వెంబడి పైకప్పుదాకా 2 అడుగుల లోతున్న అల్మారా ఉంది. ఫ్యాన్ హుక్కు కప్పు నడిమధ్యలో ఉంది. పాత 75 వాట్ల ఫ్యాన్ తీసేద్దామనుకుంటున్నాను. చిన్న గదికి 900 సైజు చాలు, అదీ ఫైవ్ స్టార్‌ది తీసుకోమని ఒకరు, 1200 బీఎల్‌డీసీ తీసుకోమని మరొకరు అంటున్నారు. రాత్రి దాదాపు 10 గంటలు, ఎక్కువగా మూడో నంబరు మీద వాడతాం. కరెంటు, గాలి, మోటారు చూసుకుంటే ఏ బ్రాండ్ మంచిది?

సమాధానం:

ఫ్యాన్ల వైండింగు, మరమ్మతు పనిలో నాకు చాలా ఏళ్ల అనుభవం ఉంది. ఆ అనుభవంతో ముందుగా చెప్పగలిగేది, ఈ ప్రశ్నలో బ్రాండ్‌ను అన్నిటికన్నా చివర చూడాలని. మీ గదిలో తేల్చవలసిన మొదటి సంగతి రెక్కలు గీసే వృత్తపు వ్యాసం. దీన్నే అట్టపెట్టె మీద స్వీప్ అని రాస్తారు. 1200, 900 అనే అంకెలు ఆ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. అది తప్పుగా ఎంచుకుంటే ఎంత మంచి మోటారు ఉన్నా ఫలితం ఉండదు.

గది చిన్నది కాబట్టి చిన్న ఫ్యాన్ చాలన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ గాలి విషయంలో లెక్క వేరుగా నడుస్తుంది. ఒకే ఆకారంలో ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి 1200, మరొకటి 900 అనుకుందాం. రెండూ నిమిషానికి ఒకే పరిమాణంలో గాలిని కిందికి తోయాలంటే, చిన్నది పెద్దదానికన్నా రెండు రెట్లకు పైగా వేగంగా తిరగాలి. అప్పుడు దాని ఇరుసు మీద పడే భారం దాదాపు మూడు రెట్లవుతుంది. అదే గాలిని ఇరుకు దారిగుండా తోయాలంటే వేగం పెరగాలి, వేగం పెరిగితే శక్తి ఖర్చు అంతకన్నా చాలా ఎక్కువగా పెరుగుతుంది. తయారీదారులు రెక్కల వెడల్పును, వంపును మార్చి ఈ తేడాను కొంత తగ్గిస్తారు గాని పూర్తిగా చెరిపివేయలేరు. అందుకే 900 ఫ్యాన్లలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి నెమ్మదిగా తిరిగి తక్కువ గాలినిచ్చే రకం. రెండోది హై స్పీడ్ అన్న పేరుతో నిమిషానికి 800 చుట్లకు పైగా తిరిగి, గాలితో పాటు హోరునూ ఇచ్చే రకం. 1200 ఫ్యాన్ నిమిషానికి 360 చుట్లు తిరిగినప్పుడు రెక్క కొస వేగం సెకనుకు దాదాపు 23 మీటర్లు. 900 ఫ్యాన్ 800 చుట్లు తిరిగితే అది దాదాపు 38 మీటర్లు. గాలి చప్పుడు కొస వేగంతో పాటు చాలా నిటారుగా పెరుగుతుంది కాబట్టి, పడకగదిలో రెండో రకాన్ని ఎంచుకున్నవారు కొన్నాళ్లకు దాన్ని తగ్గించి నడుపుకోవడమో, మార్చేయడమో చేస్తారు.

కాబట్టి గోడలు ఒప్పుకున్నంత పెద్ద వ్యాసం తీసుకుని, దాన్ని నెమ్మదిగా తిప్పుకోవడమే చిన్న గదికి సరైన పద్ధతి. గోడలు ఎంతవరకు ఒప్పుకుంటాయన్నది కొలిచి తెలుసుకోవాలి. ఫ్యాన్ కిందికి తోసిన గాలి నేలను తాకి, నాలుగు వైపులా పరచుకుని, గోడల వెంట పైకి లేచి, మళ్లీ రెక్కల పై భాగానికి చేరుతుంది. రెక్క కొస గోడకు మరీ దగ్గరగా ఉంటే, ఆ పైకి లేచే గాలికి దారి ఇరుకై, ఫ్యాన్ తాను తోసిన గాలినే వెంటనే తిరిగి పీల్చుకుంటుంది. అప్పుడు వాట్లు ఖర్చవుతూనే ఉంటాయి గాని మంచం దగ్గర గాలి పలచగా తగులుతుంది. రెక్క గోడ వైపు వెళ్లిన ప్రతిసారీ బుస్సుమన్న శబ్దం తెరలుతెరలుగా వినిపిస్తుంది. రెక్క కొసకు, దగ్గరి గోడకు మధ్య 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర, ఖాళీ ఉంటే ఈ ఇబ్బంది రాదని మేము లెక్క పెట్టుకుంటాం. ఆ లెక్కన వెడల్పు 7 అడుగులు ఉన్న గదిలో కూడా, హుక్కు నడుమన ఉంటే, 1200 ఫ్యాన్ ఇమిడిపోతుంది. 900 నిజంగా అవసరమయ్యేది 6 అడుగుల వెడల్పున్న సామాను గదికో, వంటగది పక్కనున్న సన్నని చోటుకో మాత్రమే.

మీ గది వెడల్పు 9 అడుగులు కాబట్టి కాగితం మీద 1200 హాయిగా సరిపోవాలి. కానీ మీరు చెప్పిన అల్మారా ఇక్కడ మొత్తం లెక్కను తారుమారు చేస్తుంది. పైకప్పుదాకా ఉన్న అల్మారా ఫ్యాన్ దృష్టిలో గోడే. 9 అడుగులంటే 2.74 మీటర్లు. అందులో అల్మారా 60 సెంటీమీటర్లు తినేస్తే మిగిలేది 2.14 మీటర్లు. హుక్కు కప్పు నడిమధ్యలో ఉన్నదంటే ఎదుటి గోడకు 1.37 మీటర్ల దూరంలో, అల్మారా ముఖానికి కేవలం 77 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. 1200 ఫ్యాన్ రెక్క కొస హుక్కు నుంచి 60 సెంటీమీటర్ల దూరం వరకు వస్తుంది. అంటే అల్మారా తలుపుకు 17 సెంటీమీటర్ల దూరంలో రెక్క తిరుగుతుంది. ఇప్పుడున్న పాత ఫ్యాన్ కూడా 1200 అయితే, అల్మారా వైపు పడుకున్నవారికి గాలి సరిగా తగలడం లేదన్న ఫిర్యాదు మీ ఇంట్లో ఈ పాటికే ఉండి ఉంటుంది. అల్మారా పై తలుపు తెరిచినప్పుడు రెక్కకు తగిలే ప్రమాదం సరేసరి.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. మొదటిది, హుక్కును ఎదుటి గోడ వైపు 30 సెంటీమీటర్లు జరపడం. అప్పుడు అది మిగిలిన 2.14 మీటర్లకు సరిగ్గా నడుమ, ఇరువైపులా 1.07 మీటర్ల దూరంలో నిలుస్తుంది. రెక్క కొసకు రెండు వైపులా 47 సెంటీమీటర్ల ఖాళీ దొరుకుతుంది. పొడవు వైపు ఎలాగూ ఇబ్బంది లేదు. చూడడానికి ఫ్యాన్ కప్పుకు నడుమన లేనట్టు అనిపించినా, మంచానికి మాత్రం అదే నడుమ అవుతుంది. కొత్త హుక్కును శ్లాబులోకి యాంకర్ బోల్టుతో బిగించే పని అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. ఫ్యాన్ బరువు నాలుగైదు కిలోలే అయినా అది నిలకడగా వేలాడే బరువు కాదు, రోజంతా చిన్న చిన్న కుదుపులతో బోల్టును లాగుతూ ఉంటుంది. నునుపు పూత మందంలోనే ఆగిపోయిన బోల్టు కొన్ని నెలలకు వదులవుతుంది. బోల్టు కాంక్రీటులోకి దిగాలి, పూతలోకి కాదు.

రెండో దారి, హుక్కును కదిలించడం కుదరకపోతే 900 తీసుకోవడం. అప్పుడు అల్మారా వైపు 32 సెంటీమీటర్ల ఖాళీ వస్తుంది. ఇది నేను కోరుకునే అడుగున్నర కన్నా తక్కువే గాని 17 సెంటీమీటర్లతో పోలిస్తే ఎంతో నయం. 1050 సైజు కూడా ఉంది, దానికి దాదాపు 25 సెంటీమీటర్లు మిగులుతాయి, కానీ ఆ సైజులో ఎంచుకునేందుకు మోడళ్లు తక్కువ. నన్నడిగితే మొదటి దారే మేలంటాను. ఒక పూట పనితో చాలా ఏళ్ల గాలి బాగుపడుతుంది.

ఎత్తు విషయం తొందరగా ముగిస్తాను. మామూలు రాడ్డుతో రెక్కలు కప్పుకు సుమారు 30 సెంటీమీటర్ల కిందకు వస్తాయి. మీ 9 అడుగుల కప్పు కింద అవి నేలకు దాదాపు 2.4 మీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి చేయి తగిలే భయం లేదు. అందం కోసం రాడ్డును బాగా కోయించి ఫ్యాన్‌ను కప్పుకు అంటించినట్టు పెట్టకండి. పైనుంచి పీల్చుకోవడానికి చోటు లేని ఫ్యాన్ కింద ఇచ్చేది కూడా తగ్గుతుంది.

ఇక అట్టపెట్టె మీద అంకెలు. అక్కడ చూడవలసినవి రెండు. ఒకటి వాట్లు, రెండోది ఎయిర్ డెలివరీ. ఎయిర్ డెలివరీ అంటే ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగేటప్పుడు నిమిషానికి ఎన్ని ఘనమీటర్ల గాలిని కదిలిస్తుందో చెప్పే అంకె, దీన్ని సీఎంఎం అని కూడా రాస్తారు. ఏదో ఒకటి మాత్రమే చూసి మోసపోవడం తేలిక. వాట్లు తక్కువన్న ఫ్యాన్ గాలి కూడా తక్కువ ఇస్తూ ఉండవచ్చు, గాలి ఎక్కువన్నది కరెంటు దండిగా తాగుతూ ఉండవచ్చు. అందుకని గాలిని వాట్లతో భాగించి చూస్తారు. వచ్చేదాన్ని సర్వీస్ వాల్యూ అంటారు, అంటే ఒక్కో వాటుకు ఎంత గాలి వచ్చిందన్న లెక్క. ఉదాహరణకు 1200 సైజులో మామూలు ఇండక్షన్ మోటారు ఫ్యాన్ ఒకటి 52 వాట్లకు 210 ఘనమీటర్లు ఇస్తున్నదనుకుంటే దాని విలువ 4 కాస్త దాటుతుంది. అదే సైజులో 28 వాట్లకు 220 ఘనమీటర్లు ఇచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు, అంటే శాశ్వత అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న మోటారుతో తిరిగేదానికి, అది దాదాపు 7.9. మీ పాత 75 వాట్ల ఫ్యాన్ 220 ఇస్తున్నదనుకున్నా 3 దాటదు.

మీకు ఫైవ్ స్టార్ 900 తీసుకోమన్నవారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు గాని, ఆ నక్షత్రాలలో ఒక మెలిక ఉంది. భారతదేశంలో సీలింగ్ ఫ్యాన్లకు, కరెంటు పొదుపును చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. ఆ లేబుల్ నక్షత్రాలను సర్వీస్ వాల్యూ ఆధారంగానే ఇస్తుంది, కానీ 1200, ఆపై సైజులకు ఒక కొలబద్ద, అంతకన్నా చిన్నవాటికి మరొక తేలిక కొలబద్ద వాడుతుంది. అప్పుడు అమలైన కొలబద్ద ప్రకారం పెద్ద సైజుకు అయిదు నక్షత్రాలు రావాలంటే విలువ 6 ఉండాలి, చిన్న సైజుకు 5.1 చాలు. 900 ఫ్యాన్ 26 వాట్లకు 140 ఘనమీటర్లు ఇస్తే దాని విలువ 5.4 అవుతుంది, దానికి అయిదు నక్షత్రాలు దక్కుతాయి. అదే 5.4 విలువ 1200 ఫ్యాన్‌కు వస్తే దానికి మూడే నక్షత్రాలు. చిన్న వ్యాసానికి ఉండే సహజమైన ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని అలా నిర్ణయించారు కాబట్టి ఇందులో అన్యాయమేమీ లేదు. అయితే కొనేవారు వేర్వేరు సైజుల నక్షత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకే సైజులో పోల్చేటప్పుడు నక్షత్రాలు పనికొస్తాయి. సైజు మారినప్పుడు లేబుల్ మీది సర్వీస్ వాల్యూ అంకెనే చూడాలి.

గాలి ఎంత కావాలన్నదానికి కూడా మీ గదికి ఒక హద్దుంది. మీ గదిలో అల్మారా పోను మిగిలిన చోటు దాదాపు 18 ఘనమీటర్లు. నిమిషానికి 220 ఘనమీటర్లంటే గదిలోని మొత్తం గాలి నిమిషంలో పన్నెండు సార్లు ఫ్యాన్‌గుండా తిరిగి వచ్చినట్టు. అంతకన్నా ఎక్కువ ఇస్తామని చెప్పే 240, 250 మోడళ్ల కోసం వెతకనక్కరలేదు. ఈ పరిమాణపు గదిలో పూర్తి వేగంతో 1200 ఫ్యాన్ తిరిగితే పక్కమీది దుప్పటి నిలవదు. అందుకే మీరు మూడో నంబరు మీద వాడుతున్నారు, రేపు కొత్తది వచ్చినా అలాగే వాడతారు. లేబుల్ మీది అంకెలన్నీ పూర్తి వేగానివి. మీకు కావలసింది నడిమి వేగంలో ఏం జరుగుతుందన్నది. మోటారు రకం నిజంగా తేడా చూపేది అక్కడే.

ఇండక్షన్ మోటారులో వైండింగుకు కరెంటు ఇచ్చినప్పుడు లోపల ఒక అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది. దాని వేగాన్ని వైండింగులోని ధ్రువాల సంఖ్య, కరెంటు ఫ్రీక్వెన్సీ కలిసి నిర్ణయిస్తాయి. 14 ధ్రువాల ఫ్యాన్‌కు 50 హెర్ట్జ్ మీద ఆ వేగం నిమిషానికి దాదాపు 428 చుట్లు. రెక్కలు ఎప్పుడూ దానికన్నా కొంత వెనకబడే తిరుగుతాయి, ఆ వెనకబాటు లేకపోతే మోటారుకు లాగుడే పుట్టదు. రెగ్యులేటర్ తిప్పినప్పుడు మనం తగ్గించేది వోల్టేజీని మాత్రమే, క్షేత్రపు వేగాన్ని కాదు. అది ఎప్పటిలాగే 428 దగ్గరే తిరుగుతూ ఉంటుంది, రెక్కలు మాత్రం ఇంకా వెనకబడతాయి. రెక్కలు సగం వేగానికి దిగాయంటే, రోటరుకు అందిన శక్తిలో దాదాపు సగం అక్కడే వేడిగా మారిపోతున్నదని అర్థం. వైండింగులో పోయేది దానికి అదనం. నిజానికి సగం వేగంలో రెక్కలకు కావలసిన శక్తి పూర్తి వేగంలో కావలసినదానిలో ఎనిమిదో వంతే. పూర్తి వేగంలో ఇరుసుకు 20 వాట్లు కావాలంటే, సగం వేగంలో రెండున్నర వాట్లు చాలు. ఇండక్షన్ ఫ్యాన్ మాత్రం ఆ కాస్త పనికీ అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. పాతకాలపు పెద్ద రెగ్యులేటర్లు మిగిలిన వోల్టేజీని తమలోనే వేడిగా కాల్చేవి, వాటిని ముట్టుకుంటే చేయి కాలేది. ఇప్పటి కెపాసిటర్ రకం రెగ్యులేటర్లకు ఆ జబ్బు లేదు. అయితే మోటారు లోపలి నష్టాన్ని ఏ రెగ్యులేటరూ ఆపలేదు.

బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో రోటరు మీద శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు వచ్చిన కరెంటును డీసీగా మార్చి, ఏ వేగం కావాలో ఆ వేగంతోనే క్షేత్రాన్ని తిప్పుతుంది, రోటరు దానితో అడుగు కలిపి నడుస్తుంది. వేగం తగ్గిస్తే క్షేత్రం కూడా తగ్గుతుంది కాబట్టి వెనకబాటు వల్ల కలిగే నష్టం ఉండదు. అందుకే పూర్తి వేగంలో 28 వాట్లు తీసుకునే ఫ్యాన్ మూడో నంబరులో 14 వాట్ల దగ్గరకు, ఒకటో నంబరులో ఏడెనిమిది వాట్లకు దిగుతుంది. కరెంటు వోల్టేజీ పడిపోయినప్పుడు ఇండక్షన్ ఫ్యాన్ నీరసిస్తుంది. బీఎల్‌డీసీ బోర్డు తన పరిధిలో ఉన్నంతవరకు అదే వేగం నిలుపుతుంది. నాసిరకం ఇన్వర్టరు మీద ఇండక్షన్ ఫ్యాన్ గుర్రుమంటుంది, బీఎల్‌డీసీకి అది పట్టదు.

ఇప్పుడు మీ వాడకానికి లెక్క చూద్దాం. రోజుకు 10 గంటలు, మూడో నంబరు. కొత్త 52 వాట్ల ఇండక్షన్ ఫ్యాన్ ఆ స్థితిలో 33 వాట్ల ప్రాంతంలో, బీఎల్‌డీసీ 14 వాట్ల ప్రాంతంలో తీసుకుంటాయనుకుంటే తేడా 19 వాట్లు. నెలకు 300 గంటల మీద అది 6 యూనిట్లకు కాస్త తక్కువ. మీ పాత 75 వాట్ల ఫ్యాన్ మూడో నంబరులో 45 వాట్లు లాగుతున్నదనుకుంటే, దానితో పోల్చినప్పుడు తేడా నెలకు 9 యూనిట్ల పైచిలుకు. ఏడాదిలో ఎనిమిది నెలలు వాడే పడకగదికి బీఎల్‌డీసీ తీసుకోవడమే సబబని ఈ లెక్క చెబుతుంది. అదే రోజుకు గంట, గంటన్నర మాత్రమే వాడే గదికి నెలకు ఒక యూనిట్ కూడా తేడా రాదు. అలాంటి గదిలో వంద చోట్ల మరమ్మతు దొరికే మామూలు ఇండక్షన్ ఫ్యాన్ బిగించి ఊరుకోమంటాను. మరో చిన్న సంగతి. ఫ్యాన్ తీసుకున్న వాట్లన్నీ చివరకు గదిలో వేడిగానే మిగులుతాయి. తలుపులు మూసిన చిన్న గదిలో పూర్తి వేగం మీద 75 వాట్ల ఫ్యాన్ తిరగడమంటే, వేడి లెక్కన నిద్రపోతున్న మనిషి ఇంకొకరు గదిలో ఉన్నట్టే.

బీఎల్‌డీసీకి ఉన్న బలహీనత ఆ బోర్డే. ఇండక్షన్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతున్నదంటే ఎక్కువసార్లు కెపాసిటర్, మా వాళ్లు కండెన్సర్ అంటారు, దాన్ని మారిస్తే పని అయిపోతుంది. శబ్దం వస్తే బేరింగులు. ఈ రెండూ ఏ మరమ్మతు దుకాణంలోనైనా దొరికేవే. బీఎల్‌డీసీలో బోర్డు పోతే అదే మోడల్ బోర్డు కావాలి, అది ఆ కంపెనీ సర్వీసు దగ్గరే దొరకాలి. బోర్డు పోవడానికి తరచుగా కారణమయ్యేవి పిడుగులు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ, ఇంకా పాత రెగ్యులేటర్. చివరిది నేను స్వయంగా చేసిన తప్పు. ఒక ఇంట్లో కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ బిగించి, గోడమీది రెగ్యులేటర్‌ను తీయకుండా అయిదో నంబరు మీద ఉంచి, దాన్ని తిప్పవద్దని చెప్పి వచ్చాను. కొన్ని వారాలకు ఇంటికి వచ్చిన చుట్టాలెవరో అలవాటుకొద్దీ దాన్ని రెండుకు తిప్పారట. ఫ్యాన్ ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది, మరునాటికి బోర్డు చనిపోయింది. అప్పటినుంచి రెగ్యులేటర్‌ను పూర్తిగా తీసి, వైరును నేరుగా కలిపిన తరువాతే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు కరెంటు ఇస్తున్నాను. మీరూ అదే పని చేయించండి.

బ్రాండ్ మాట ఇప్పుడు. క్రాంప్టన్, హావెల్స్, ఓరియంట్, ఉషా వంటి పేర్లన్నీ ఇండక్షన్, బీఎల్‌డీసీ రెండు రకాలనూ అమ్ముతున్నాయి. ఆటంబర్గ్ బీఎల్‌డీసీ ఫ్యాన్లతోనే పేరు తెచ్చుకుంది. ఇందులో ఏ ఒక్క పేరునూ కళ్లు మూసుకుని తీసుకోలేం, ఎందుకంటే ఒకే పేరు కింద సర్వీస్ వాల్యూ 4 ఉన్న ఫ్యాన్, 7 ఉన్న ఫ్యాన్ పక్కపక్కనే ఉంటాయి. రంగు, రెక్కల డిజైను ఒకటే అయి, చివరి అక్షరం మాత్రం మారే మోడళ్లు కూడా కనిపిస్తాయి. కాబట్టి బ్రాండ్‌ను ఎంచుకునేది మోడల్ అంకెలు సరిపోయిన తరువాత, రెండు ప్రశ్నలకు జవాబు చెప్పించుకోవడానికి. మొదటిది, వారంటీ కాగితంలో బోర్డు కూడా మోటారుతో సమానంగా చేరిందా, లేక మోటారుకు ఒక గడువు, బోర్డుకు వేరే గడువు ఉందా. రెండోది, మీరుండే చోట ఆ కంపెనీ మనిషి ఇంటికి వచ్చి బోర్డు మారుస్తాడా, లేక ఫ్యాన్‌ను దించి పంపమంటారా. ఈ రెండింటిలో బాగా నిలబడే పేరే మీకు మంచి బ్రాండ్. పక్క ఊరివారికి అది వేరే పేరు కావచ్చు. రిమోటు పోతే గోడ స్విచ్‌ను వేసి ఆర్పి వేగం మార్చుకునే వీలుందా, కరెంటు పోయి వచ్చాక ఫ్యాన్ మునుపటి వేగంతో తానే మొదలవుతుందా అన్నవి కూడా అడగండి. అర్ధరాత్రి కరెంటు వచ్చినా ఆగే ఉండే ఫ్యాన్ చిన్న గదిలో చాలా చిరాకు పెడుతుంది.

మీ గదికి తేలేది ఇది. హుక్కు జరిపించగలిగితే 1200 బీఎల్‌డీసీ, 28 నుంచి 32 వాట్ల లోపు, ఎయిర్ డెలివరీ 210 నుంచి 230 మధ్య, సర్వీస్ వాల్యూ 6.5కు తగ్గనిది తీసుకోండి. జరిపించలేకపోతే 900 బీఎల్‌డీసీలోనే, చుట్ల వేగం తక్కువగా ఉండి సర్వీస్ వాల్యూ 5 దాటినది చూడండి. హై స్పీడ్ అన్న మాట ఉన్నదాన్ని వదిలేయండి. గాజు, లైట్లు, చెక్క నగిషీలు ఉన్న అలంకరణ ఫ్యాన్ల జోలికి పోయే ముందు వాటి ఎయిర్ డెలివరీ అంకె ఒక్కసారి చదవండి, ఆ తరువాత మీ ఇష్టం.

బిగించాక చెప్పిన వాట్లే తీసుకుంటున్నదా అన్నది ఇంటి మీటరుతోనే తేల్చుకోవచ్చు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన యూనిట్‌కు ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది, చాలా మీటర్ల మీద అది 3200. ఫ్రిజ్, మోటారు, చార్జర్లు, ఇన్వర్టరు సహా ఇంట్లో అన్నీ ఆపి, ఫ్యాన్ ఒక్కటే పూర్తి వేగంతో ఉంచి, ఒక మెరుపు నుంచి మరో మెరుపుకు ఎన్ని సెకన్లు పడుతున్నదో ఫోనులో చూడండి. మీటరు మీద 3200 ఉంటే లెక్క ఇది:

```
వాట్లు = 1125 ÷ సెకన్లు
```

28 వాట్ల ఫ్యాన్‌కు మెరుపుల మధ్య దాదాపు 40 సెకన్లు, మీ పాత 75 వాట్ల దానికి 15 సెకన్లు రావాలి. పాతది దించకముందే ఒకసారి కొలిచి పెట్టుకుంటే పోలికకు బాగుంటుంది. నాలుగైదు మెరుపులకు కలిపి కొలిచి సగటు తీస్తే పొరపాటు తగ్గుతుంది. కొత్తదానికి 25 సెకన్లే వస్తే ముందు ఇంట్లో ఇంకేదైనా నడుస్తున్నదేమో వెతకండి. ఏమీ లేదని తేలితే, పెట్టె మీది మోడల్ నంబరును, మోటారు మీద అంటించిన చీటీలోని నంబరును కలిపి చూడండి. బీఎల్‌డీసీ పెట్టెలోంచి అదే కంపెనీ ఇండక్షన్ మోడల్ బయటపడడం నేను రెండు సార్లు చూశాను. రెండు సార్లూ మోటారును గంటసేపు తిప్పి, ఆపి, రెక్కలు నిలిచాక తాకితే చేతికి బాగా వేడిగా తగిలింది. బీఎల్‌డీసీ అయితే అది గోరువెచ్చదనాన్ని మించకూడదు.